ఎనిమిది వాక్యాల పేరాను ఒక్క వాక్యంలో చెప్పడం ఎలా?

ప్రశ్న: "మా టీమ్‌ల నుంచి ప్రతి వారం వచ్చే రిపోర్టుల్లో ఒక్కో పేరా ఎనిమిది, తొమ్మిది వాక్యాలు ఉంటుంది. మా డైరెక్టర్ గారికి అంత చదివే టైమ్ లేదు, పేరాకు ఒక్క వాక్యం రాసివ్వమంటారు. నేను రాస్తే అన్నీ కూరేసిన పొడవాటి వాక్యమైనా అవుతుంది, ఏమీ చెప్పని చప్పటి వాక్యమైనా అవుతుంది. దీనికో పద్ధతంటూ ఉందా?"

ఉంది. ముందు పేరాను కుదించే ప్రయత్నం మానేయండి. అది చదివాక మీ డైరెక్టర్ గారు ఏం చేయాలో, లేదా ఆయన అనుకుంటున్నదాంట్లో ఏది మారాలో పట్టుకోండి. మీ వాక్యంలో అసలు క్రియ అదే. దానికి ఒక్క కారణం, ఒక్క గడువో షరతో జోడించండి. మిగతాది వదిలేయండి, అది పేరాలో ఎలాగూ ఉంది, కావాలంటే ఆయన చూసుకుంటారు.

పన్నెండేళ్లుగా నేను చేస్తున్నది ఈ పనే. పై అధికారులకు వెళ్లే నోట్ల పైన ఒక వాక్యం రాసి పెట్టడం. మొదటి రెండేళ్లు మీలాగే కత్తెర పట్టుకుని కూర్చున్నాను. ఒక్కో వాక్యం నుంచి కొంచెం కొంచెం కత్తిరించి, మిగిలిన ముక్కల్ని అతికించేవాణ్ణి. చూడటానికి పేరా చిన్నదయ్యేది గానీ విషయం తేలేది కాదు. కారణం తర్వాత అర్థమైంది. రిపోర్టు రాసేవాళ్లు తాము పని చేసిన వరుసలో రాస్తారు. ఫలానా రోజు మొదలుపెట్టాం, ఇంత చేశాం, ఇక్కడ ఇబ్బంది వచ్చింది, ఇలా సర్దుతున్నాం అని. చదివే అధికారికి కావలసినది ఆ వరుసలో చివర ఉంటుంది, లేదా ఎక్కడో మధ్యలో ఒక సగం వాక్యంలో ఉంటుంది. అన్ని వాక్యాలనూ సమానంగా కత్తిరిస్తే ఆ సగం వాక్యం కూడా సగానికి తెగిపోతుంది.

మాటల్లో చెబితే తేలిగ్గానే ఉంటుంది కాబట్టి ఒక పేరా తీసుకుని చేసి చూపిస్తాను. ఇది నేను కొత్తగా చేరినవాళ్లకు నేర్పడానికి కట్టుకున్న పేరా, కానీ ఇలాంటివి నెలకు పది చూస్తాను. సెప్టెంబర్ 10న వచ్చిందనుకోండి.

> "కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారే పని గత నెలలో మొదలైంది. మొత్తం 46,000 కస్టమర్ ఖాతాల్లో 41,400 ఖాతాల డేటా, అంటే 90 శాతం, ఇప్పటికే బదిలీ అయింది. వాటిపై చేసిన పరీక్షల్లో బిల్లు మొత్తాలు పాత సిస్టమ్‌తో సరిపోయాయి. మిగిలిన 4,600 ఖాతాలు ఒకటి కంటే ఎక్కువ బ్రాంచీలున్న సంస్థలవి, నెలసరి ఆదాయంలో 35 శాతం వీటి నుంచే వస్తుంది. వీటి డిస్కౌంట్ నియమాలు పాత సిస్టమ్‌లో విడిగా ఉండటం వల్ల ఒక్కో ఖాతానూ మనుషులే సరిచూడాల్సి వస్తోంది. ఈ పనిలో ఇద్దరు ఉన్నారు, రోజుకు దాదాపు 230 ఖాతాలు పూర్తవుతున్నాయి, ఈ నెలలో ఇంకా 14 పనిదినాలు ఉన్నాయి. పాత సిస్టమ్ లైసెన్స్ ఈ నెల 30తో ముగుస్తుంది, వచ్చే నెల బిల్లులు 1వ తేదీన వెళ్లాలి. లైసెన్స్‌ను మరో నెల పొడిగించుకునే వీలుంది గానీ, అందుకు 18వ తేదీలోపు దరఖాస్తు పెట్టాలి. మొత్తం మీద పని సంతృప్తికరంగా సాగుతోంది."

దీన్ని ఇస్తే దాదాపు అందరూ మొదట రాసేది ఇది: "కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారే పని 90 శాతం పూర్తయింది, సంతృప్తికరంగా సాగుతోంది." ఇందులో ఒక్క అబద్ధం లేదు. మొదటి రెండు వాక్యాలూ, చివరి వాక్యమూ కలిపితే వచ్చేది ఇదే. ఇది చదివిన డైరెక్టర్ గారు తల ఊపి తర్వాతి కాగితం తీస్తారు. 18వ తేదీ దాటిపోతుంది.

కాస్త జాగ్రత్తపరులు రాసేది ఇంకో రకం: "డేటా బదిలీలో కొన్ని ఇబ్బందులు ఉన్నందున లైసెన్స్ విషయం పరిశీలించాల్సి ఉంది." మీరు చప్పటి వాక్యం అన్నది ఇదే అనుకుంటాను. ఏ ఇబ్బంది, ఎవరు పరిశీలించాలి, ఎప్పటిలోగా అన్నవి మూడూ ఇందులో లేవు. ఇలాంటి వాక్యానికి గుర్తు ఒకటుంది. అందులోని నామవాచకాలు తీసేసి వేరే ప్రాజెక్టువి పెట్టినా అది అలాగే నిలబడుతుంది. "నియామకాల్లో కొన్ని ఇబ్బందులు ఉన్నందున బడ్జెట్ విషయం పరిశీలించాల్సి ఉంది." చూశారా, అచ్చం అలాగే ఉంది. ఇది ఏ పేరాకూ సారాంశం కాదు.

ఇప్పుడు నేను చేసే తీరు చెబుతాను.

మొదట పేరా మొత్తం ఒకసారి చదివి, "ఇది చదివాక ఆయన ఏం చేయాలి?" అని అడుగుతాను. జవాబు మూడు రకాల్లో ఒకటవుతుంది. ఆయన ఒక నిర్ణయం తీసుకోవాలి, లేదా ఒక సంగతి తెలుసుకుని ఉండాలి (రేపు ఎవరైనా అడిగితే తెల్లమొహం వేయకుండా), లేదా ఏమీ చేయనక్కర్లేదు. మూడో జవాబు వస్తే మొహమాటపడకుండా అదే రాయండి. "బిల్లింగ్ మార్పిడి అనుకున్న తేదీకే పూర్తవుతుంది, మీరు చేయాల్సిందేమీ లేదు" అన్నది చాలా మంచి సారాంశ వాక్యం. దాన్ని గొప్పగా కనిపించేలా చేయాలని అంకెలు దట్టించకండి.

మన పేరాలో జవాబు మొదటి రకం. అది ఎక్కడ దాక్కుందో చూడండి: "పొడిగించుకునే వీలుంది గానీ, 18వ తేదీలోపు" అన్న చోట. "గానీ", "అయితే", "కాకపోతే", "అయినప్పటికీ" అన్న మాటల పక్కన నేను పెన్సిల్‌తో ఒక గీత పెడతాను. మనవాళ్లు చేదు సంగతిని నేరుగా పేరా మొదట్లో పెట్టరు. మంచి మాట ఒకటి ముందు చెప్పి, "అయితే" తర్వాత మెల్లగా జారవిడుస్తారు. కాబట్టి "అయితే" తర్వాత ఉన్నదే చాలాసార్లు అసలు విషయం. ఎప్పుడూ అని అనడం లేదు, పదింట ఆరేడుసార్లు అని నా అనుభవం.

ఆ తర్వాత లెక్క. ఇది చాలామంది వదిలేసే మెట్టు. పేరాలో అంకెలన్నీ ఉన్నాయి, వాటిని కలిపి చూసినవాళ్లు లేరు. రోజుకు 230 చొప్పున 14 పనిదినాల్లో 3,220 ఖాతాలు అవుతాయి. మిగిలినవి 4,600. అంటే 30వ తేదీ నాటికి 1,380 ఖాతాలు బదిలీ కాకుండా ఉండిపోతాయి. అప్పటికి పాత సిస్టమ్ మూతపడుతుంది, మర్నాడే బిల్లులు వెళ్లాలి. "సంతృప్తికరంగా సాగుతోంది" అన్న పేరా నిజానికి "గడువుకు పూర్తి కాదు" అని చెబుతోంది. రాసినవాళ్లు దాచలేదు, వాళ్లే ఆ గుణకారం చేయలేదు అంతే. గట్టి పేరాల్లో అసలు సంగతి ఒక్కోసారి ఏ వాక్యంలోనూ ఉండదు. రెండు వాక్యాల మధ్య ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇలా మీరు లెక్కగట్టి తేల్చినది పేరా రాసినవాళ్లు అనని మాట. దాన్ని నేరుగా పైకి పంపకండి. ఒక్క ఫోన్ చేయండి: "మీ అంకెల ప్రకారం 30 నాటికి ఇంకా 1,380 మిగులుతాయి, నిజమేనా?" రెండు నిమిషాల పని. ఒక్కోసారి "లేదండీ, సోమవారం నుంచి ఇంకో మనిషి వస్తున్నారు, రాయడం మర్చిపోయాం" అంటారు. కొత్తగా వచ్చే ఆ మూడో మనిషి కూడా అదే వేగంతో చేస్తే రోజుకు 345 అవుతాయి, 14 రోజులూ ఉంటే 4,830, పని గడువులోనే అయిపోతుంది. అప్పుడు వాక్యమే తిరగబడుతుంది. ఫోన్ చేయకుండా రాసి ఉంటే, లేని కష్టానికి పై అధికారిని టెన్షన్ పెట్టినవాళ్లం అయ్యేవాళ్లం. ఈ ఉదాహరణలో మాత్రం మూడో మనిషి లేరనే అనుకుందాం.

ఇప్పుడు పేరా కాగితాన్ని బోర్లా పెట్టి, చూడకుండా వాక్యం రాయండి. ఇది చిట్కాలా కనిపిస్తుంది గానీ నా పద్ధతిలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. కాగితం ఎదురుగా ఉంటే దానిలోని మాటలే చేతికొస్తాయి, ఆ వరుసే వస్తుంది. బోర్లా పెడితే గుర్తున్నదే వస్తుంది, గుర్తున్నది సాధారణంగా ముఖ్యమైనదే. నాకు మొదట వచ్చింది ఇది:

"పాత బిల్లింగ్ లైసెన్స్‌ను ఒక నెల పొడిగించమని 18లోపు దరఖాస్తు పెట్టాలి, లేకపోతే ఆదాయంలో 35 శాతం తెచ్చే ఖాతాలకు 1న బిల్లులు వెళ్లవు."

బాగుందనిపిస్తుంది కదా? తప్పు. కాగితం తిరగేసి ఒక్కో మాటకూ పేరాలో ఆధారం వెతికితే తప్పు దొరుకుతుంది. 35 శాతం ఆదాయం మొత్తం 4,600 ఖాతాలది. ఆగిపోయేవి వాటిలో 1,380 మాత్రమే, అంటే 30 శాతం. ఆ 1,380లో పెద్దవెన్ని, చిన్నవెన్ని అన్నది పేరాలో లేదు, కాబట్టి వాటి ఆదాయం ఇంత అని మనం చెప్పలేం. నేను ఒక గుంపు అంకెను తీసుకెళ్లి ఇంకో గుంపుకు తగిలించాను. కుదించేటప్పుడు జరిగే తప్పుల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే. పేరాలో అంకెకూ దాని గుంపుకూ మధ్య నాలుగు మాటలు ఉంటాయి. కుదించినప్పుడు ఆ నాలుగు మాటలే ముందు ఎగిరిపోతాయి. అందుకే చూడకుండా రాయడం ఎంత అవసరమో, రాశాక చూసి ఒక్కో మాటా సరిపోల్చుకోవడం కూడా అంతే అవసరం.

సరిదిద్దితే:

"పాత బిల్లింగ్ లైసెన్స్‌ను ఒక నెల పొడిగించమని 18లోపు దరఖాస్తు పెట్టాలి, లేకపోతే దాదాపు 1,400 పెద్ద ఖాతాలకు 1న బిల్లులు వెళ్లవు."

ఇంకా ఒక మాట దొంగగా దూరింది: "పెద్ద". పేరాలో ఉన్నది "ఒకటి కంటే ఎక్కువ బ్రాంచీలున్న సంస్థలు" అని. అవి పెద్దవే అయి ఉండొచ్చు, కానీ ఆ మాట మనది. "బహుళ శాఖల" అంటే పాఠ్యపుస్తకంలా ఉంటుంది కాబట్టి నేనైతే "సంస్థల ఖాతాలకు" అంటాను. 1,380ని "దాదాపు 1,400" చేయడం మాత్రం తప్పు కాదు. రోజుకు 230 అన్నదే ఉజ్జాయింపు, దాని మీద కట్టిన లెక్కను ఒకట్ల స్థానం దాకా రాస్తే లేని కచ్చితత్వం ఉన్నట్టు చూపినట్టవుతుంది.

అంకెల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. ఆ పేరాలో లెక్కపెడితే పది దాకా అంకెలున్నాయి. వాక్యంలో మిగిలినవి ఒక సంఖ్యా, రెండు తేదీలూ. ఏది ఉంచాలో తేల్చడానికి నేను వాడే పరీక్ష ఇది: ఈ అంకె రెట్టింపైనా, సగమైనా ఆయన చేసే పని మారుతుందా? 46,000 అన్నది 92,000 అయినా దరఖాస్తు పెట్టాల్సిందే, కాబట్టి అది పోవచ్చు. బదిలీ అయినవి 90 శాతం అన్నది 95 అయినా, మిగిలిన పని గడువు దాటితే ఫలితం ఒకటే, అదీ పోవచ్చు. ఆగే ఖాతాలు 1,400 కాకుండా 14 అయితే మాత్రం "పొడిగింపు ఎందుకు, ఆ పద్నాలుగు బిల్లులూ చేత్తో పంపండి" అంటారు. అందుకే అది ఉండాలి.

ఇక మీరు అన్నీ కూరేసిన వాక్యం అన్నారే, దాని గురించి. ఇది తెలుగులో రాసేవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. పైగా "చేసి", "చూసి", "ఉన్నందున", "అయినప్పటికీ" అంటూ ఎన్ని ముక్కలైనా గొలుసులా తగిలించుకుంటూ పోవచ్చు, వ్యాకరణం అడ్డుపడదు. "ఖాతాల్లో 90 శాతం బదిలీ అయి, మిగిలినవాటి డిస్కౌంట్ నియమాలు విడిగా ఉన్నందున మనుషులే సరిచూస్తూ, రోజుకు 230 మాత్రమే పూర్తవుతుండగా, లైసెన్స్ 30తో ముగుస్తున్నందున, 18లోపు పొడిగింపు కోరాలి." ఇది ఒక్క వాక్యమే, కాదనలేం. కానీ ఏం చేయాలో తెలియడానికి చివరి మాట దాకా అన్నీ మోసుకెళ్లాలి. మధ్యలో ఫోన్ మోగితే మళ్లీ మొదటికి రావాలి.

దీనికి నేను పెట్టుకున్న నియమం చిన్నది. చేయాల్సిన పని ముందు భాగంలో, ముగిసిన క్రియతో. కారణం దాని తర్వాత. "దరఖాస్తు పెట్టాలి" అని ఒకచోట ఆగి, ఆపై "లేకపోతే", "ఎందుకంటే" అని కారణం చెప్పడం. పై వాక్యంలో అదే చేశాను. "కాబట్టి"తో కట్టిన వాక్యాన్ని "ఎందుకంటే"తో తిరగేస్తే చాలు, సగం పని అయిపోతుంది. క్రియ పూర్తి కాని ముక్కలు, అంటే "చేసి", "ఉన్నందున" లాంటివి, ఒక వాక్యంలో రెండు దాటితే నేను తిరగరాస్తాను. పొడవు విషయానికొస్తే, గట్టిగా చదివినప్పుడు ఒక్క ఊపిరిలో రావాలి. తెలుగులో అది పదిహేను నుంచి ఇరవై మాటలు. మన మాటలకే విభక్తులు అతుక్కుని ఉంటాయి కాబట్టి ఇరవై దాటితే బరువైపోతుంది.

తెలుగులోనే ఉన్న ఇంకో గొయ్యి "వచ్చు". దీంట్లో నేనే పడ్డాను కాబట్టి వివరంగా చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక సంస్థలో పని చేస్తున్నప్పుడు, కొత్త ఆర్డర్ల పోర్టల్ గురించి ఒక పెద్ద పేరా వచ్చింది. సారం ఏమిటంటే, భద్రతా పరీక్ష ఒకటి మిగిలి ఉంది, అది అనుకున్నట్టు ముగిస్తే 15న ప్రారంభం కావడానికి అవకాశం ఉంది. నేను రాసిన వాక్యం: "కొత్త పోర్టల్‌ను 15న ప్రారంభించవచ్చు." నా ఉద్దేశం 'అలా జరిగే అవకాశం ఉంది' అని. మా అధికారి చదివింది 'ప్రారంభించడానికి అభ్యంతరం లేదు' అని. ఆ మాటకు రెండు అర్థాలూ ఉన్నాయి, ఆయన తప్పేం లేదు. కస్టమర్లందరికీ 15వ తేదీ అని మెయిల్ వెళ్లిపోయింది. పరీక్షలో ఒక లోపం బయటపడి ప్రారంభం తొమ్మిది రోజులు వెనక్కి పోయింది. మళ్లీ క్షమాపణ మెయిల్. ఆ రోజు నుంచి సారాంశ వాక్యంలో "వచ్చు" రాయను. అనుమతి అయితే "ప్రారంభించడానికి సిద్ధంగా ఉంది" అంటాను. సందేహం అయితే షరతు బయటపెడతాను: "మిగిలిన భద్రతా పరీక్ష నెగ్గితేనే పోర్టల్ 15న ప్రారంభమవుతుంది." ఆ "తేనే" రెండక్షరాలే, కానీ పేరాలోని మూడు వాక్యాల జాగ్రత్తను మోస్తుంది.

తేదీల దగ్గర కూడా ఇలాంటిదే ఉంది. "18 వరకు", "18 నాటికి", "18లోపు" అన్నవి ముగ్గురు మూడు రకాలుగా అర్థం చేసుకుంటారు, 18వ తేదీ కలుస్తుందా లేదా అని. గడువు నిజంగా ముఖ్యమైతే "17 సాయంత్రానికల్లా" అని రాసేస్తాను. వాదన ఉండదు.

షరతు ఎగిరిపోతే ఏమవుతుందో చెప్పడానికి అందరికీ తెలిసిన ఉదంతం ఒకటుంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక భూమికి తిరిగొస్తూ ముక్కలైపోయి ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు. ప్రయోగ సమయంలో ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఆ దెబ్బ ఎంత ప్రమాదమో ఇంజనీర్లు స్లైడ్లు తయారుచేసి పై అధికారులకు చూపించారు. వాటిలో ఒక స్లైడు శీర్షిక చదివితే, పరీక్షల సమాచారం ప్రకారం మన అంచనాలు జాగ్రత్త వైపే ఉన్నాయి అన్న భావం కలుగుతుంది. అదే స్లైడు అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది వేరు. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, నౌకకు తగిలిన ముక్క అంచనా 1,920 ఘనపు అంగుళాలు. 640 రెట్లు. అంటే పైన చెప్పిన ఊరట, కింద చెప్పిన పరిమాణానికి వర్తిస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ప్రమాదంపై వేసిన దర్యాప్తు బోర్డు తన నివేదికలో ఈ స్లైడును ప్రత్యేకంగా ఎత్తి చూపింది.

మన రిపోర్టుల్లో ప్రాణాలు పోయేవి తక్కువే. కానీ ఆ శీర్షిక ఎలా పుట్టిందో నాకు బాగా అర్థమవుతుంది. శీర్షిక రాసేవాళ్లు పరీక్షల ఫలితాన్ని కుదించారు. ఆ ఫలితం ఏ హద్దు లోపల నిజమో ఆ హద్దును వదిలేశారు. నేను రాసిన వాక్యంలో ఊరట కలిగించే మాట ఏదైనా ఉంటే ("సరిపోయాయి", "ఇబ్బంది లేదు", "పూర్తయింది"), వెంటనే వెనక్కి వెళ్లి అది ఎన్నింటి మీద, ఏ పరిస్థితిలో చూసి అన్నదో వెతుకుతాను. మన బిల్లింగ్ పేరాలోనూ ఒకటుంది, గమనించారో లేదో. "పరీక్షల్లో బిల్లు మొత్తాలు సరిపోయాయి" అన్నది సులువైన 41,400 ఖాతాల మీద చేసినది. చిక్కైన డిస్కౌంట్లున్న 4,600 మీద అలాంటి పరీక్ష జరిగిందని పేరాలో ఎక్కడా లేదు. "కొత్త సిస్టమ్‌లో బిల్లులు సరిగా వస్తున్నాయి" అని రాసేవాళ్లు ఆ శీర్షిక రాసినవాళ్లు చేసిన పనే చేస్తున్నారు.

ఇంతకీ ప్రతి పేరా ఒక్క వాక్యంలో పడుతుందా అంటే, పడదు. ఒకే పేరాలో రెండు వేర్వేరు నిర్ణయాలు ఉంటే, ఉదాహరణకు లైసెన్స్ పొడిగింపుతో పాటు కొత్త మేనేజర్ నియామకం కూడా ఉంటే, వాటిని "అలాగే"తో అతికించకండి. ఆయన ఒకదానికి జవాబిచ్చి రెండోది మర్చిపోతారు. అలాంటప్పుడు నేను పేరానే రెండు చేసి, రెండు వాక్యాలు ఇస్తాను. ఇంతవరకూ ఏ అధికారీ "రెండెందుకు రాశావు" అనలేదు. ఒప్పందాల్లోని షరతుల పేరాలను మాత్రం కుదించను. అక్కడ ప్రతి మాటకూ బరువుంటుంది, అందుకే "రెండో పేరా మీరే చదవాలి, అందులో మనం ఒప్పుకోవాల్సిన జరిమానా షరతు ఉంది" అని రాస్తాను. చదవాల్సిన చోటు చూపించడం కూడా సారాంశమే.

రాశాక పరీక్షించడానికి, ఆ ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని పక్క సీటు మనిషికి వాక్యం చూపించి, కాగితం వెనక్కి తీసుకుని, "ఎవరు ఏం చేయాలి, ఎప్పటిలోగా, చేయకపోతే ఏమవుతుంది" అని అడుగుతాను. మూడింటికీ జవాబొస్తే పంపేస్తాను. "అయితే ఏంటట?" అని వాళ్లు ఎదురడిగితే కారణం లోపించిందని అర్థం. "ఏ లైసెన్స్?" అంటే నేను పేరు సరిగ్గా చెప్పలేదని అర్థం. "బాగుంది" అని మాత్రం అంటే అస్సలు నమ్మను, మళ్లీ అడుగుతాను.

ఇంకో సంగతి, మీ వాక్యం మీరు పంపిన చోటే ఉండదు. డైరెక్టర్ గారు దాన్ని ఒక్కదాన్నే కాపీ చేసి ఇంకొకరికి పంపుతారు, పేరా వెనకే ఉండిపోతుంది. అందుకని "ఈ నెల", "పైన చెప్పిన", "సదరు ఖాతాలు" లాంటివి వాక్యంలో ఉంచకండి, పేరా లేకుండా వాటికి అర్థం లేదు. పని ఎవరిదో కూడా అందులోనే ఉండాలి. "దరఖాస్తు పెట్టాలి" అంటే ఎవరు పెట్టాలి? పేరాలో అది లేదు. ఫోన్‌లో అడిగితే "పర్చేజ్ టీమ్ పెడుతుంది, కానీ డైరెక్టర్ గారు సరే అనాలి" అన్నారనుకోండి. అప్పుడు చివరికి నేను పంపే వాక్యం ఇది:

"పాత బిల్లింగ్ లైసెన్స్‌ను అక్టోబర్ నెలకు పొడిగించడానికి సెప్టెంబర్ 17 సాయంత్రానికల్లా మీ అనుమతి కావాలి, లేకపోతే దాదాపు 1,400 సంస్థల ఖాతాలకు అక్టోబర్ 1న బిల్లులు వెళ్లవు."

లెక్కపెడితే ఇరవైకి ఒకటో రెండో అటూ ఇటూ. మొదటి వాక్యంలో ఉన్న "90 శాతం" ఇందులో లేదని బదిలీ టీమ్ కాస్త చిన్నబుచ్చుకుంటుంది. వాళ్లకు ముందే ఫోన్ చేసి ఉంటారు కాబట్టి ఆ గొడవ కూడా అక్కడే తేలిపోతుంది.